ఒళ్లో బిడ్డ, చేతిలో స్ట్రోలర్: నేను దండగ పెట్టిన డబ్బు లెక్క

చిత్తూరు నుంచి ఒక చెల్లెలు అడిగింది: "అక్కా, పాపకు ఎనిమిది నెలలు. వచ్చే నెల చెన్నైలో ఎక్కి, దుబాయ్‌లో మారి, డల్లాస్‌లో ఉన్న మా ఆయన దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లాలి. బాసినెట్, పాలు, స్ట్రోలర్ తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. ఎలా చేయమంటావు?"

చూడమ్మా, నీ టెన్షన్ సంగతి దేవుడెరుగు, నేను మాత్రం డబ్బు సంగతి చెప్తాను. 2019 మార్చిలో మావాడికి ఏడు నెలలప్పుడు, తిరుపతి కొర్లగుంటలోని మా అమ్మావాళ్ల ఇంటి నుంచి నేనూ ఇలాగే ఒక్కదాన్నే న్యూజెర్సీకి బయలుదేరాను. చెన్నైలో ఎక్కి, గల్ఫ్‌లో మారి, న్యూయార్క్‌లో దిగాను. ఆ ఒక్క ప్రయాణంలో దండగ పోయిన డబ్బు లెక్క ఇప్పటికీ నా డైరీలో ఉంది. నీకైతే అడగడానికి అక్క ఉంది. నాకు ఎవరున్నారు?

మొదటి తప్పు టికెట్ దగ్గరే జరిగింది. ఒళ్లో కూర్చునే బిడ్డకు టికెట్ ఏంటి, తిరుమల బస్సులో కండక్టర్ చంటిబిడ్డకు టికెట్ కొడతాడా అనుకుని నా ఒక్కదానికే బుక్ చేశాను. రెండేళ్లు నిండని బిడ్డకు సీటు అక్కర్లేదు గానీ టికెట్ కావాలి. విదేశీ ప్రయాణాల్లో సాధారణంగా పెద్దవాళ్ల చార్జీలో పదో వంతు, పైన పన్నులు. ఈ సంగతి నాకు బయలుదేరడానికి తొమ్మిది రోజుల ముందు తెలిసింది. అప్పుడు చేర్పిస్తే పదకొండు వేలు పైచిలుకు అయింది. అది ఎటూ కట్టాల్సిన డబ్బే, దానికి ఏడవను. ఏడుపంతా ఆలస్యం వల్ల పోయినదానికి.

ఎలాగంటే, నెల ముందే ఏడు వేల రెండొందలు పోసి కాళ్లు చాపుకునే సీటు కొన్నాను. ముందు ఖాళీ ఉంది కదా, అక్కడే బాసినెట్, అదే బిడ్డ ఉయ్యాల, తగిలిస్తారులే అనుకున్నాను. తీరా చూస్తే అది ఎమర్జెన్సీ తలుపు పక్క వరుస. అక్కడ చంటిబిడ్డతో కూర్చోనివ్వరు. బుకింగ్‌లో బిడ్డ పేరు లేదు కాబట్టి ఆ రోజు కంప్యూటర్ నాకు అమ్మేసింది. చెన్నై కౌంటర్లో బోర్డింగ్ పాస్ ఇచ్చేటప్పుడు నన్ను అక్కడి నుంచి లేపి వెనక మధ్య సీటులో పడేశారు. డబ్బు వెనక్కి రాలేదు. ఎన్ని మెయిళ్లు పెట్టానో నాకే తెలుసు.

బాసినెట్ ఉండేది గోడ ఎదురు వరుసలో. ఒక విమానంలో అవి కొన్నే ఉంటాయి. అందుకే చేయాల్సిన పని వరసగా చెప్తాను. ముందు బిడ్డను నీ బుకింగ్‌లోనే చేర్పించు. అదే రోజు ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేసి బాసినెట్ అడుగు. వాళ్ల తెరమీద అది `BSCT` అని ఉంటుంది. "రిక్వెస్ట్ పెట్టాం మేడమ్" అంటే అయిపోయినట్టు కాదు. దాని పక్కన `HK` అని వచ్చిందా అని అడుగు. అదొస్తేనే ఖాయమైనట్టు. అదీ రెండు విమానాలకూ విడివిడిగా అడగాలి. చెన్నై నుంచి దుబాయ్ నాలుగు గంటలే, అందులో దొరక్కపోయినా ఒళ్లో పడుకోబెట్టుకుని నెట్టుకొస్తావు. దుబాయ్ నుంచి డల్లాస్ పదహారు గంటలకు అటూఇటూ ఉంటుంది. దానికి దొరకాలి. ఎయిర్‌లైన్ వాళ్లు విమానం మార్చినప్పుడు సీట్లు చెదిరిపోతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు వారంలో ఇంకోసారి ఫోన్ చెయ్. డబ్బు కట్టే సీటు జోలికి మాత్రం పోవద్దు. చాలా ఎయిర్‌లైన్లు బాసినెట్ అడిగిన తల్లికి ఆ సీటు ఊరికే ఇస్తాయి.

బరువు కూడా అడిగి తెలుసుకో. చాలాచోట్ల పది, పదకొండు కిలోల దాకానే ఒప్పుకుంటారు, పొడవుకూ హద్దు ఉంటుంది. ఇంట్లో తూకం మీద నువ్వు ఒకసారి, పాపనెత్తుకుని ఒకసారి నిలబడి తేడా తీసుకో. పాప లేచి కూర్చుంటుంటే బరువు తక్కువున్నా వాళ్లు ఉయ్యాల వద్దనొచ్చు. ఇంకో మాట. ఉయ్యాల దొరికినంత మాత్రాన పాప రాత్రంతా దాంట్లోనే పడుకుంటుందని కలలు కనొద్దు. విమానం లేచాకే తగిలిస్తారు. బెల్టు లైటు వెలిగిన ప్రతిసారీ, అంటే కుదుపులు వచ్చినప్పుడల్లా, నిద్రపోతున్న బిడ్డనైనా ఎత్తి ఒళ్లో పెట్టుకుని, వాళ్లిచ్చే చిన్న బెల్టును నీ బెల్టుకు తగిలించుకోవాలి. పక్క సీటు ఖాళీగా ఉంది కదా అని ఇంకో చంటిబిడ్డ తల్లిని పిలిచి కూర్చోబెట్టుకోకు. ఒక వరుసలో ఒక్కో వైపు సీట్లకు అదనపు ఆక్సిజన్ మాస్క్ సాధారణంగా ఒకటే ఉంటుంది, అందుకే వాళ్లు ఒప్పుకోరు.

కాగితాల సంగతి నువ్వే సరిచూసుకోగలవు, వెబ్‌సైట్లలో అన్నీ ఉన్నాయి. పాపకు సొంత పాస్‌పోర్ట్, సొంత వీసా, తల్లిదండ్రుల పేర్లున్న బర్త్ సర్టిఫికెట్, మీ ఆయన వీసా పిటిషన్ ఆమోదించినట్టు వచ్చిన `I-797` కాపీ, నువ్వు ఒక్కదానివే తీసుకెళ్తున్నావు కాబట్టి ఆయన అంగీకార పత్రం నోటరీ చేయించి పెట్టుకో. టికెట్ మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే, అక్షరం పొల్లు పోకుండా ఉండాలి. మావాడికి పాస్‌పోర్ట్ ఫొటో జుట్టుతో తీయించి, తర్వాత కొండ మీద పుట్టు వెంట్రుకలు ఇప్పించాం. న్యూయార్క్‌లో ఆఫీసరు ఫొటో వైపు ఒకసారి, నున్నటి గుండు వైపు ఒకసారి చూసి నవ్వి స్టాంపు కొట్టాడు. ఏ ఆఫీసరు ఎలా ఉంటాడో తెలీదు, వీలుంటే నువ్వు గుండు తర్వాత పెట్టుకో.

ఇక పాలు. ఇక్కడ నేను డబ్బు కంటే ఎక్కువే పోగొట్టుకున్నాను. మా అమ్మ రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి, విసిరి కిలో ఉగ్గుపిండి కట్టి ఇచ్చింది. పేరూ ఊరూ లేని ప్లాస్టిక్ కవర్లో, చేతి సంచిలో పెట్టుకున్నాను. అమెరికా వెళ్లే విమానాల్లో 350 మిల్లీలీటర్ల డబ్బాను మించిన పొడి చేతి సంచిలో ఉంటే అమెరికాకు ఎక్కే ఆఖరి ఎయిర్‌పోర్టులో విడిగా చూస్తారు. 2018 జూన్ నుంచి ఈ పద్ధతి ఉంది. అదేంటో తేలకపోతే దాన్ని విమానంలోకి రానివ్వరు. పిల్లల ఫార్ములా డబ్బాకు మినహాయింపు ఉంది గానీ, ఇంట్లో విసిరిన రాగిపిండి ఫార్ములా అని ఆ సెక్యూరిటీవాడికి నేనెలా చెప్పను? గల్ఫ్‌లో గేటు దగ్గర వేలితో గిల్లి, వాసన చూసి, చెత్తడబ్బాలో పడేశాడు. మా అమ్మకు ఈ రోజుకీ చెప్పలేదు. నువ్వు ఉగ్గుపిండి తీసుకెళ్తే పెద్ద పెట్టెలో వెయ్యి, మీద ఏంటో ఇంగ్లిష్‌లో రాసి అంటించు, దిగాక కస్టమ్స్ దగ్గర చెప్పు. దారికి సీలు తీయని ఫార్ములా డబ్బా చాలు.

ఎంత కావాలో లెక్కేసుకో. ఇంటి నుంచి కారెక్కి రాణిపేట మీదుగా చెన్నై, అక్కడ మూడు గంటలు, విమానాలు, మధ్యలో ఆగడం, అక్కడ ఇల్లు చేరడం, అన్నీ కలిపి ముప్పై గంటలకు పైనే. మూడున్నర గంటలకు ఒకసారి తాగితే తొమ్మిది సార్లు. విమానం ఆలస్యమైతే కావాలి కాబట్టి పద్నాలుగు సార్లకు సరిపడా పొడి కొలిచి చిన్న డబ్బాల్లో వేసుకో. నీళ్లు వేరే. పాలు ముందే కలిపి సీసాల్లో నింపుకోకు. నేను ఆరు సీసాలు కలిపి తీసుకెళ్లి నాలుగు పారబోశాను. కలిపిన పాలు రెండు గంటల్లోపు, బిడ్డ నోరు పెట్టాక గంటలోపు వాడేయాలి. ఆపైన మిగిలింది పారబోయాల్సిందే. కాచి చల్లార్చిన నీళ్లు, తల్లిపాలు, ఫార్ములా 100 మిల్లీలీటర్లు దాటినా తీసుకెళ్లనిస్తారు, కాకపోతే సెక్యూరిటీలో అడగకముందే పైకి తీసి చూపించాలి. రుచి చూడమన్నా చూసేయ్. తల్లిపాలు పిండి పెట్టుకుంటే మామూలు గదిలో నాలుగు గంటలు, ఐస్ ప్యాక్‌లున్న చల్లని సంచిలో ఒక రోజు నిల్వ ఉంటాయి.

ఇంకోటి, డల్లాస్ చేరాక అమెరికా డబ్బా కొంటావు కదా, చెన్నైలో కొన్న డబ్బాలోని చెంచా దాంట్లో వేయకు. మన డబ్బాల్లో చాలావాటికి ఒక చెంచాకు 30 మిల్లీలీటర్ల నీళ్లు, అక్కడివాటికి రెండు ఔన్సులు, అంటే 60. నేను అక్కడి చెంచాకు మన 30 లెక్కే పట్టుకుని రెట్టింపు చిక్కగా కలిపి వాడికి మలబద్ధకం తెచ్చాను. డాక్టరు దగ్గరికి వెళ్తే డెబ్బై డాలర్లు. అప్పటి రేటుకు మన దుడ్లు సుమారు ఐదు వేలు, ఒక్క చెంచాకు.

చివరిగా స్ట్రోలర్. చెన్నైలో పద్నాలుగు వేలకు బరువైన, గొప్పదాన్ని కొన్నాను. విమానం తలుపు దాకా తోసుకెళ్లి, మడిచి ఇచ్చాను. గల్ఫ్‌లో దిగాక తలుపు దగ్గర ముప్పావు గంట నిలబడ్డాను. రాలేదు. ట్యాగ్ తీసి చూస్తే మీద రాసుంది న్యూయార్క్ అని! ఇచ్చేటప్పుడు అడగాల్సిన మాట ఒకటే: "ఇది నాకు మధ్యలో తలుపు దగ్గర ఇస్తారా, ఆఖర్న బెల్టు మీద వస్తుందా?" ట్యాగ్ మీద ఊరి పేరు నీ కళ్లతో చదువుకో. నేను ఎనిమిది కిలోల పిల్లాడిని చంకనేసుకుని, భుజాన రెండు సంచులతో ఆ చివరి గేటు దాకా నడిచాను. ఎదకు కట్టుకునే క్యారియర్ ఒకటి ఉండుంటే చాలు. అది కొనుక్కో, స్ట్రోలర్ మాత్రం గొడుగులా మడిచే చవకది తీసుకో. పెద్ద ఎయిర్‌పోర్టులు కొన్ని ఊరికే వాడుకోవడానికి స్ట్రోలర్లు ఇస్తాయి, దిగగానే అడుగు. సెక్యూరిటీలో స్ట్రోలర్ మడిచి ఎక్స్‌రేలో పెట్టాలి, కింది బుట్టలో డైపర్లు కుక్కావంటే అక్కడ నానా తంటాలు పడతావు.

న్యూయార్క్‌లో బెల్టు మీద వచ్చేసరికి ముందు చక్రం వంకర. మావాడు ఏడుస్తున్నాడు, మా ఆయన బయట ఎదురు చూస్తున్నాడు, సరే తర్వాత చూద్దాంలే అని వచ్చేశాను. అదే పెద్ద తప్పు. ఎయిర్‌పోర్ట్ దాటకముందే బ్యాగేజీ డెస్క్‌లో రిపోర్ట్ రాయించుకోవాలి. ఎటూ కుదరకపోతే ఏడు రోజుల్లోపు రాతపూర్వకంగా పంపాలి. నేను పన్నెండో రోజున పంపాను, ఒక వాక్యంలో కొట్టిపారేశారు. ఇచ్చేముందు ట్యాగ్ కనబడేలా నాలుగు వైపులా ఫొటో తీసి పెట్టుకో, విడిపోయే బొమ్మలూ కప్పూ ఊడదీసి పెట్టెలో వేసుకో.

ఆ చక్రాన్ని మా ఆయన తీగతో కట్టాడు. ఎనిమిది నెలలు వాడి, పక్క అపార్ట్‌మెంట్ గుజరాతీ ఆవిడకు పది డాలర్లకు అమ్మాను. ఆవిడ ఆరుకు అడిగింది, నేను ఒప్పుకోలేదు.