దీపావళి మిఠాయి ఆర్డర్ల అంచనా: నెలల సగటు ఎందుకు పనికిరాదు, బదులుగా ఏం చేయాలి

ప్రశ్న: "నెల్లూరులో మాకు చిన్న మిఠాయి దుకాణం ఉంది. గత మూడేళ్ల ఆర్డర్ల లెక్క కంప్యూటర్లో ఉంది. వాటి సగటు తీసి, దానికి కాస్త పెరుగుదల కలిపితే ఈసారి దీపావళికి ఎన్ని కిలోలు చేయించాలో తెలుస్తుందా?"

తెలుస్తుంది. అయితే ఆ సగటును నెలల వారీగా తీయకూడదు. పండుగకు ఎన్ని రోజుల ముందు అన్న లెక్కన తీయాలి. నేను మా మేనమామ మిఠాయి దుకాణానికి చాలా ఏళ్లుగా లెక్కలు చూస్తున్నాను, మాదీ నెల్లూరే. ఈ ఒక్క విషయం పట్టించుకోని అంచనా ఎంత పెద్ద కంప్యూటర్లో వేసినా పనికిరాదని నా గట్టి అభిప్రాయం.

సంక్రాంతి ప్రతి ఏడూ జనవరి 14 లేదా 15న వస్తుంది కాబట్టి దానికి నెలల సగటు సరిగ్గానే పనిచేస్తుంది, ఆ ధైర్యంతోనే చాలామంది దీపావళికీ అదే పద్ధతి వాడతారు. కానీ దీపావళి 2022లో అక్టోబరు 24న, 2023లో నవంబరు 12న, 2024లో అక్టోబరు 31న, 2025లో అక్టోబరు 20న వచ్చింది. 2022 అక్టోబరులో దసరా, దీపావళి రెండూ పడ్డాయి. 2023లో శ్రావణం అధికమాసం కావడంతో పండుగలు వెనక్కి జరిగి, అక్టోబరులో దసరా ఒక్కటే మిగిలింది. ఈ రెండు అక్టోబరులను కలిపి సగటు తీస్తే వచ్చే అంకె ఏ అక్టోబరుకూ చెందదు.

2023 సెప్టెంబరులో మా దుకాణంలో జరిగిన చర్చ నాకు బాగా గుర్తుంది. బిల్లింగు ప్రోగ్రాం ఇచ్చిన నెలవారీ కాగితంలో అంతకు ముందు ఏడు అక్టోబరుకు సుమారు 3,500 కిలోలు కనబడ్డాయి. మామయ్య దానికి పదో వంతు కలిపి, అక్టోబరు రెండో వారంలోనే నెయ్యి డబ్బాలూ కోవా దింపుకోవాలని సరఫరాదారుతో మాట్లాడేశారు. నేను అడ్డు చెప్పినప్పుడు, "ఏందబ్బయా, పోయినేడు పోయిన సరుకు ఈ ఏడు ఎందుకు పోదు? అంగడి అట్నే ఉంది, జనం అట్నే ఉన్నారు గదా" అన్నారు. ఆయన మాటలో తప్పేమీ లేదు, ఆయన చేతికి వచ్చిన కాగితమే తప్పుదారి పట్టించేది. అప్పుడు మా అత్తమ్మ లోపలి నుంచి పంచాంగం తెచ్చి, ఆ ఏడు దీపావళి నవంబరు రెండో వారంలో ఉందని చూపించారు. దసరాకూ దీపావళికీ మధ్య ఏ ఏడైనా మూడు వారాల లోపే ఉంటుందనీ, ఆ ఎడం మాత్రం పెద్దగా మారదనీ కూడా ఆమే అన్నారు. మేము చేసిన లెక్కంతా ఆ మాట మీద నిలబడింది.

ఆ రాత్రి మేము పాత ఆర్డర్ల పట్టికలో తేదీ పక్కన ఒక కొత్త గడి పెట్టి, ప్రతి ఆర్డరూ ఆ ఏటి దీపావళికి ఎన్ని రోజుల ముందుదో అందులో నింపాము. తేదీ అంటే ఆర్డరు రాసుకున్న తేదీ కాదు, సరుకు అందించిన తేదీ. ఆఫీసుల వాళ్లు రెండు వారాల ముందే చెప్పి పెడతారు గానీ పొయ్యి మీద పని పడేది సరుకు ఇచ్చే రోజుకే. A గడిలో తేదీ ఉంటే 2022 ఆర్డర్లకు సూత్రం ఇంతే, మిగతా ఏళ్ల ఆర్డర్లకు ఆయా ఏటి దీపావళి తేదీ వేసుకోవాలి:

```
=DATE(2022,10,24)-A2
```

ఇలా చూస్తే ఏళ్లన్నీ ఒకే ఆకారంలో కనబడ్డాయి. దీపావళితో ముగిసే పది రోజుల్లోనే అసలు గిరాకీ అంతా ఉంది. ఆ పది రోజులు 2022లో అక్టోబరు 15న మొదలైతే, 2023లో నవంబరు 3న మొదలయ్యాయి. అక్టోబరు రెండో వారంలో కోవా దింపి ఉంటే ఏమయ్యేదో మిఠాయి పని తెలిసినవారికి చెప్పనక్కరలేదు.

ఇక సగటు సంగతి. పండుగ పది రోజుల అమ్మకం మామూలు వారానికి ఎన్ని రెట్లో చూడాలి కాబట్టి, మా పద్ధతిలో సగటును పండుగ రోజుల మీద కాక మామూలు వారాల మీద తీస్తాము. నవరాత్రులు మొదలయ్యే ముందరి ఎనిమిది వారాలు తీసుకుని, వాటిలో వరలక్ష్మీ వ్రతం వారాన్నీ వినాయక చవితి వారాన్నీ పక్కన పెట్టి, మిగిలిన వారాల సగటు కడతాము. దీపావళికి ముందరి నాలుగు వారాలు తీసుకుంటే అందులో దసరా వచ్చి కూర్చుంటుంది కాబట్టి అంత వెనక్కి వెళ్లక తప్పదు. ఈ ఎనిమిది వారాల్లో మహాలయ పక్షం కూడా ఉంటుంది, అప్పుడు మిఠాయి కొనుగోలు తగ్గుతుంది. అయినా ప్రతి ఏడూ అదే చోట ఉంటుంది కాబట్టి నిష్పత్తి తీసేటప్పుడు ఆ తగ్గుదల ఇబ్బంది పెట్టదు. B గడిలో ఒక్కో వారం కిలోలు వేసి, పక్కన పెట్టాల్సిన వారానికి C గడిలో 1, మామూలు వారానికి 0 వేసుకుంటే సరిపోతుంది:

```
=AVERAGEIFS(B2:B9,C2:C9,0)
```

నెల్లూరు వాళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది, బయటి వాళ్లు రాసిన సలహాల్లో ఇది కనబడదు. బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగ మొహర్రంతో పాటు ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2022లో మొహర్రం ఆగస్టు 9న వచ్చింది కాబట్టి ఆ రద్దీ సరిగ్గా మా ఎనిమిది వారాల్లో పడింది. 2023లో జూలై 29న, 2024లో జూలై 17న, 2025లో జూలై 6న రావడంతో ఆ ఏళ్లలో బయటికి పోయింది. మా లెక్కలో 2022 మామూలు వారం సగటు 400 కిలోలు, 2023లో 440 కిలోలు. రొట్టెల పండుగ వారంలో పోయిన 700 కిలోలను తీసేయకుండా కలిపి ఉంటే 2022 సగటు 450 అయ్యేది. అప్పుడు పదో వంతు పెరిగిన వ్యాపారం కాస్తా తగ్గినట్టు కనబడేది. పెరుగుదల అంకె అనుమానంగా కనబడిందంటే, ముందు ఆ సగటులో ఏ పండుగ దూరిందో వెతకండి.

ఇప్పుడు 2025 దీపావళికి వేసిన లెక్క చెబుతాను, అంకెలను కొంచెం గుండ్రం చేశాను. పండుగ పది రోజుల్లో 2022లో 1,800 కిలోలు, 2023లో 2,070, 2024లో 2,060 పోయాయి. ఆయా ఏళ్ల మామూలు వారం సగటు 400, 440, 480. భాగిస్తే, పండుగ పది రోజుల అమ్మకం మామూలు వారానికి 4.5 రెట్లు, 4.7 రెట్లు, 4.3 రెట్లు వచ్చింది. ఈ మూడింటి సగటు 4.5. 2025 సెప్టెంబరు నాటికి మామూలు వారం 510 కిలోలకు చేరింది. కాబట్టి అంచనా 510ని 4.5తో గుణిస్తే దాదాపు 2,300 కిలోలు. దీనిమీద మళ్లీ పెరుగుదల కలపకూడదు, ఎందుకంటే 510 అన్న అంకెలోనే ఈ ఏటి పెరుగుదల ఉంది. చాలా దుకాణాల్లో ఇక్కడే రెండోసారి కలిపేసి, పండుగ మర్నాడు మిగిలిన పెట్టెలు లెక్క పెట్టుకుంటారు.

మీరు అడిగిన పద్ధతి, అంటే మూడు దీపావళుల సగటుకు పెరుగుదల కలపడం, కూడా సరైన చోటికే చేరుస్తుంది గానీ అందులో అందరూ జారే మెట్టు ఒకటి ఉంది. 1,800, 2,070, 2,060ల సగటు సుమారు 1,977. ఏటా ఎనిమిది శాతం పెరుగుదల అనుకుని ఒక్కసారి కలిపితే 2,135 వస్తుంది, ఇది తక్కువ. మూడేళ్ల సగటు 2024కి చెందిన అంకె కాదు, మధ్య ఏడైన 2023కి చెందినది. అక్కడి నుంచి 2025కి రెండేళ్ల దూరం ఉంది కాబట్టి పెరుగుదలను రెండుసార్లు వేయాలి:

```
=1977*1.08*1.08
```

ఇది 2,306 ఇస్తుంది. రెండు దారుల్లో వచ్చిన అంకెలు దగ్గరగా ఉంటే లెక్క మీద నమ్మకం పెట్టుకోవచ్చు. బాగా ఎడంగా వస్తే పెరుగుదల శాతమో, పక్కన పెట్టిన వారాలో తప్పని అర్థం. పెరుగుదలను రూపాయల్లో మాత్రం కొలవకండి. నెయ్యి ధర పెరిగి మనం ధర పెంచినా రూపాయల పట్టికలో వ్యాపారం పెరిగినట్టే ఉంటుంది, చేయాల్సిన కిలోలు మాత్రం పెరగవు. బిల్లింగు ప్రోగ్రాములు చేసేవారు నెలల వారీ రూపాయల నివేదికలు పది రకాలుగా ఇస్తారు గానీ కిలోల్లో, పండుగ తేదీ నుంచి వెనక్కి లెక్కించే నివేదిక ఇచ్చినవారిని నేను చూడలేదు. చిన్న దుకాణాలకు అన్నిటికంటే అవసరమైనది అదే.

2,300 అన్న ఒక్క అంకె మీద సరుకంతా దింపుకోకూడదు. గత ఏళ్ల నిష్పత్తులు 4.3 నుంచి 4.7 దాకా ఉన్నాయి కాబట్టి అసలు అంచనా 2,200 నుంచి 2,400 కిలోల మధ్య అనుకోవాలి. అచ్చు వేయించే అట్టపెట్టెలకు నెల ముందే చెప్పాలి, మిగిలినా వచ్చే ఏడు పనికొస్తాయి కాబట్టి వాటికి పై అంకె పట్టుకుంటాము. కోవా నిలవ ఉండదు, రెండు రోజుల ముందు చెప్పినా వస్తుంది కాబట్టి మలై కాజా వంటి వాటికి కింది అంకెతో మొదలుపెడతాము. దీపావళికి ఆరు రోజుల ముందు సాయంత్రానికి చేతిలో ఉన్న ఆర్డర్లు మా దుకాణంలో ఏటా మొత్తంలో మూడో వంతు దాకా ఉంటాయి. ఆ సాయంత్రం 770 కిలోల దగ్గర ఉంటే అంచనా నిలిచినట్టు, 850 దాటితే కోవా పెంచాలి. మీ దుకాణంలో ఆ వంతు ఎంతో మీ పాత ఆర్డర్లే చెబుతాయి, మా మూడో వంతును అరువు తీసుకోకండి. 2025లో మాకు చివరికి 2,250 కిలోలకు దగ్గరగా పోయింది.

చివరగా, మీరు అడగకపోయినా నేను చెప్పదలచుకున్నది ఒకటుంది. కంప్యూటర్లో ఉన్నది అమ్మిన లెక్క, అడిగిన లెక్క కాదు. దీపావళి ముందు రోజు మధ్యాహ్నానికే కాజా అయిపోతే, సాయంత్రం ఖాళీ చేతులతో తిరిగి వెళ్లిన వాళ్లెవరూ ఆ పట్టికలో లేరు. అలాంటి ఏడును సగటులో వేస్తే వచ్చే ఏడు అంచనా తగ్గుతుంది, సరుకు మళ్లీ ముందే అయిపోతుంది, ఆ తరువాతి సగటు ఇంకా తగ్గుతుంది. 2024లో మా నిష్పత్తి 4.3కి దిగడానికి కారణం ఇదేనని నేను నమ్ముతున్నాను, ఆ ఏడు పండుగ ముందు రోజు సాయంత్రం గాజు బీరువాలు ఖాళీగానే ఉన్నాయి. అప్పటి నుంచి గల్లా పక్కన ఒక పుస్తకం పెట్టి, లేదని చెప్పి పంపిన ప్రతి ఆర్డరునూ ఏ రకం, ఎన్ని కిలోలు అని రాయిస్తున్నాము. పండుగ అయ్యాక ఆ కిలోలను అమ్మకానికి కలిపాకే నిష్పత్తి కడతాము. అయితే ఒకే మనిషి రెండుసార్లు అడిగి ఉండవచ్చు, పక్క దుకాణంలోనూ అడిగి ఉండవచ్చు, అందుకని సగమే కలుపుతాము.

2026లో దీపావళి నవంబరు 8న ఉంది, అక్టోబరులో మళ్లీ దసరా ఒక్కటే వస్తుంది. మీ పట్టికలో 2025 అక్టోబరు పక్కన 2026 అక్టోబరు పెట్టి చూడకండి. నవరాత్రులకు ముందరి ఎనిమిది వారాలు అంటే ఆగస్టు మూడో వారం నుంచి మొదలవుతాయి, ఇప్పుడే కిలోల గడి ఒకటి తయారు చేసి పెట్టుకోండి.