పరీక్షకి సెలవు ఎలా అడగాలంటే, అమ్ములుకి

అమ్ములూ,

నిన్న రాత్రి నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దున్న చూశానమ్మా. సప్లీలు రెండూ జూన్ 11 బుధవారం, 13 శుక్రవారం పడ్డాయి, ఇంటర్న్‌షిప్ చూస్తే మే 12న మొదలై ఎనిమిది వారాలు, అంటే జూలై 5 దాకా ఉంది, సెలవు అడిగితే ప్లాంటులో ఏమనుకుంటారో, ఈసారికి పరీక్ష వదిలేయనా మావయ్యా అని అడిగావు. వదలొద్దు. ఇప్పుడు వదిలితే అవి మళ్లీ రెగ్యులర్ పరీక్షల నెత్తిన పడతాయి, అప్పుడు రెండూ చదవలేక ఏడుస్తావు. సెలవే అడుగు, కాకపోతే పద్ధతిగా అడుగు. రొయ్యల ప్లాంట్ల ల్యాబుల్లో ఇరవై ఏళ్లు చేశాను, ఇలా సెలవడగడానికి వచ్చిన పిల్లల్ని చాలామందిని చూశాను కాబట్టి చెప్తున్నా.

ముందు "కొన్ని రోజులు" అన్న మాట తీసెయ్. "ఎగ్జామ్స్ ఉన్నాయి సార్, ఒక నాలుగైదు రోజులు కావాలి" అంటే వినేవాళ్లకి అది వారం లాగా వినపడుద్ది. ఏ రోజు ఎందుకో నువ్వే లెక్కేసుకుని వెళ్లు. నీకు పేపరు పొద్దున్న పదింటికి, కాలేజీ కాకినాడలో, నువ్వు ఉండేది భీమవరంలో. చించినాడ వంతెన దాటి అమలాపురం, యానాం మీంచి వెళ్లే బస్సుకి మూడు గంటలకి పైనే పడుతుంది, కాబట్టి బుధవారం తెల్లారగట్ట బయల్దేరి పరీక్ష రాయడం వద్దు, మంగళవారం మధ్యాహ్నం బయల్దేరాలి. బుధవారం పరీక్ష. గురువారం ఖాళీయే కానీ వచ్చి మళ్లీ వెళ్లడం అంటే ఆ రోజంతా బస్సులోనే పోద్ది. శుక్రవారం ఒంటిగంటకి పేపరు అయిపోతే రాత్రికి భీమవరం చేరతావు, శనివారం పొద్దున్న ల్యాబులో ఉంటావు. మొత్తం మూడున్నర రోజులు. చదువుకోడానికి ముందు రెండు రోజులు కూడా అడుగుదామని నీకు మనసులో ఉంటుంది, అది అడక్కు. చదువు ఇవాళ్టి నించే సాయంత్రాలు మొదలుపెట్టు, ఇంకా టైముంది. పరీక్షకీ ప్రయాణానికీ సెలవడిగితే కాదనేవాళ్లు తక్కువ, ప్రిపరేషన్‌కి అంటే మాత్రం అక్కడే బేరం మొదలవుద్ది.

ఇక అసలు సంగతి, నువ్వు లేనప్పుడు నీ పని ఏమవుద్ది అన్నది. ఇన్‌చార్జి అడిగినా అడక్కపోయినా ఆయన బుర్రలో తిరిగేది ఇదే. ఇప్పుడు చెరువుల్లో రొయ్యల పట్టుబడుల టైము, వ్యానులు వరసగా వస్తాయి, శాంపిళ్లు ఆగవు. నువ్వు చేసేది ప్లేట్ కౌంట్ అన్నావు, మీ ల్యాబులో ఇంక్యుబేటర్లో పెట్టిన 48 గంటలకి తీసి బ్యాక్టీరియా కాలనీలు లెక్కపెడతారన్నావు. అంటే శనివారం 7న పెట్టిన ప్లేట్లు సోమవారం నువ్వే లెక్కపెడతావు, సరిపోయింది. సోమవారం 9న పెట్టావనుకో, అవి తియ్యాల్సింది బుధవారం, అప్పుడు నువ్వు పరీక్ష హాల్లో ఉంటావు. అందుకని సోమ, మంగళవారాలు కొత్తగా ప్లేట్లు నీ చేత పెట్టించొద్దని, ఆ రెండు రోజులూ ప్లేట్లలో పోసే మీడియా తయారీ, రిజిస్టర్ పని ఇమ్మని నువ్వే అడుగు. తప్పదు, పెట్టాల్సిందే అంటే ఎవరు లెక్కపెడతారో ఆ మనిషిని ముందే అడిగి ఒప్పించుకుని, మూత మీద కాదు అడుగున, శాంపిల్ నంబరు, ఏ డైల్యూషనో, పెట్టిన తేదీ, గంట రాసి, అదే రిజిస్టర్లో కూడా ఎక్కించి వెళ్లు. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక చోట ఇలాగే ఒక కుర్రాడు జ్వరం అని ఫోన్‌లో చెప్పి పరీక్షకి వెళ్లిపోయాడు, వాడి ప్లేట్ల సంగతి ఎవరికీ తెలీదు, నాలుగో రోజు ఎవరో ఇంక్యుబేటర్ తెరిచి చూస్తే కాలనీలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి తెల్లగా పొరలా ఉన్నాయి, ఇంక ఏం లెక్కపెడతాం, ఆ లాటు మొత్తానికి మళ్లీ శాంపిల్ తీయించాం. వాడు నిజం చెప్పుంటే నేనే ఆ ప్లేట్లు చూసేవాణ్ణి. అప్పట్నించీ జ్వరం అన్న మాట వింటే నమ్మబుద్ధి కాదు నాకు, అది నిజంగా జ్వరం వచ్చిన పిల్లలకి అన్యాయం కూడాను.

అడగడం ఎలాగంటే, ముందు నీకు పని చెప్పే ఇన్‌చార్జి గారికి ఎదురుగా నోటితో చెప్పు, రేపే. వ్యాను దిగుతున్నప్పుడు కాదు, భోజనాలయ్యాక కాస్త ఊపిరి తీసుకునే టైములో. ఆయన సరే అన్నాక అదే రోజు మెయిల్ పెట్టు, హెచ్‌ఆర్ వాళ్లని కూడా అందులో కలుపు. ముందే హెచ్‌ఆర్‌కి రాసేస్తే ఆయనకి తెలీకుండా పైకి వెళ్లావని మనసులో పెట్టుకుంటారు. మెయిల్ ఇంగ్లీషులో నువ్వే రాసుకో, విషయం మాత్రం ఇంతే ఉండాలి:

"జూన్ 11, 13 తేదీల్లో నాకు కాకినాడలో యూనివర్సిటీ సప్లిమెంటరీ పరీక్షలున్నాయి. 10 మధ్యాహ్నం నుంచి 13 వరకు మూడున్నర రోజులు సెలవు కావాలి, 14 శనివారం డ్యూటీకి వస్తాను. టైంటేబుల్ జత చేశాను, హాల్ టికెట్ రాగానే పంపిస్తాను. 7న పెట్టిన ప్లేట్లు 9న లెక్కపెట్టి రిజిస్టర్లో రాస్తాను, నా పేరున మిగిలే పని ఉండదు. ఈ రోజులకి బదులు ఎప్పుడు చెయ్యమంటారో చెప్పండి. పరీక్ష తేదీ మారితే తెలిసిన రోజే చెప్తాను."

ఆ చివరి మాట వదలకు, తేదీలు వాయిదా పడటం నీకు తెలిసిందేగా. మారితే పాత సెలవు దానంతట అదే కొత్త తేదీకి జరగదు, మళ్లీ అడగాలి.

బదులు రోజుల విషయంలో మీ కాలేజీని కూడా అడగాలి, ఇది చాలామంది మర్చిపోతారు. నీకు సర్టిఫికెట్ మీద ఎనిమిది వారాలు కనపడాలి, ప్లాంటు వాళ్లు "జూలై 7, 8, 9 పూర్తిగా, 10 సగం వచ్చి పూర్తి చెయ్యి" అంటే సర్టిఫికెట్‌లో చివరి తేదీ 10 పడుద్ది. అప్పటికి కాలేజీ తెరిచేస్తే ఇబ్బంది. అలా ఉంటే జూన్‌లో ఆదివారాలు 15, 22, 29 వచ్చి చేస్తానని, మిగిలిన సగం రోజు సాయంత్రాలు కాస్త ఎక్కువుండి సర్దుతానని అడుగు, కానీ ఆదివారం ల్యాబులో సంతకం పెట్టే మనిషి ఉంటారో లేదో ముందు కనుక్కో. లాగ్ బుక్‌లో సెలవు రోజుల ఎదురుగా సెలవు అనే రాయి. వెళ్లని రోజుకి పని రాసి సంతకం అడిగితే పెట్టే ఇన్‌చార్జి కూడా ఉంటాడు, వద్దమ్మా, గేటు రిజిస్టర్లో నువ్వు లేవని ఉంటుంది. స్టైపెండ్ ఇస్తుంటే ఆ రోజులకి కోత ఉంటుందేమో కూడా అడిగేయ్, మొహమాటపడకు.

అంతా విని ఆయన "రెండు రోజులే ఇస్తాను" అంటే, గురువారం వదులుకో. బుధవారం పరీక్ష అయ్యాక రాత్రికి వచ్చేసి, గురువారం మధ్యాహ్నం దాకా చేసి, మళ్లీ కాకినాడ బస్సెక్కు. మంగళవారం మధ్యాహ్నం మాత్రం వదలకు, దాన్నీ గురువారం మధ్యాహ్నాన్నీ పర్మిషన్ కింద అడుగు. శుక్రవారం పేపరే నీకు కష్టం అన్నావు కాబట్టి నోట్సు బస్సులోకి పట్టుకెళ్లు.

రేపు మాట్లాడాక ఏమన్నారో ఫోన్ చెయ్యి, అత్తయ్య కూడా అడుగుతోంది. కాకినాడలో ఆ మూడు రాత్రులూ హాస్టల్ తీయకపోతే చెప్పు, ఉండటానికి నేను చూస్తాను.

మావయ్య