రెండు చోట్ల గాలి పీడనం తెలిస్తే మూడో చోట ఎంతో ఎలా చెప్పాలి? తీసివేత ఎందుకు తప్పు?

ప్రశ్న: "సముద్ర మట్టం దగ్గర 1000 హెక్టోపాస్కల్, 1500 మీటర్ల ఎత్తులో 840 అని ఇచ్చి, 3000 మీటర్ల దగ్గర ఎంత అని అడిగారు. 160 తగ్గింది కదా అని ఇంకో 160 తీసేసి 680 రాశాను. జవాబు 705.6 అట. ఎందుకు? అసలు నిజం కొండ మీద ఈ లెక్క పనిచేస్తుందా, పుస్తకంలోనేనా?"

మీ పద్ధతినే ఇంకాస్త పైకి తీసుకెళ్లి చూడండి. 1500 మీటర్లకు 160 చొప్పున తీసేసుకుంటూ పోతే 9375 మీటర్ల దగ్గర సున్నా వస్తుంది, అంటే ఎవరెస్టు దాటి ఐదొందల మీటర్లు ఎక్కితే గాలే లేదన్నమాట. కానీ రోజూ మన నెత్తి మీద నుంచి పోయే విమానాలు పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తులో ఆ గాలి మీదే ఆనుకుని ఎగురుతున్నాయి. కాబట్టి తప్పు తీసివేతలోనే ఉంది.

నీళ్ల ట్యాంకులో అయితే మీ లెక్కే కరెక్టు. నీళ్లు నొక్కితే నలగవు, అడుగున ఉన్న మీటరు నీళ్ల బరువు, పైనున్న మీటరు నీళ్ల బరువు ఒకటే. గాలి అలా కాదు, అది కళ్లంలో వేసిన గడ్డికుప్ప లాంటిది. పైన పడ్డ బరువుకి అడుగు వరస అణిగి గట్టిగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ వదులుగా ఉంటుంది. అడుగున మీరు ఒక మీటరు పైకి ఎక్కితే చాలా గడ్డి మీ కిందకి పోతుంది, పైన అదే మీటరు ఎక్కితే కొంచెమే పోతుంది. ఒక చోట గాలి ఎంత చిక్కగా ఉందనేది అక్కడి పీడనం మీద ఆధారపడుతుంది, పీడనం ఎంత వేగంగా తగ్గుతుందనేది ఆ చిక్కదనం మీద ఆధారపడుతుంది. అందుకే ఒకే ఎత్తు ఎక్కిన ప్రతిసారీ తగ్గేది ఒకే సంఖ్య కాదు, ఒకే వంతు. మొదటి 1500 మీటర్లలో 84 శాతం మిగిలింది కదా, తర్వాతి 1500లో ఆ మిగిలిన దాంట్లో మళ్లీ 84 శాతం మిగులుతుంది. 840ని 0.84తో గుణించండి, మీ 705.6 వచ్చేస్తుంది.

ఇక రెండో ప్రశ్న, నిజం కొండ సంగతి. నేను పలాస దగ్గర ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఒక జనవరిలో ఇదే సందేహం క్లాసులో వచ్చి, సరే చూసేద్దాం అనుకున్నాను. మాకు ఈ లెక్కకి ఇంతకన్నా మంచి చోటు దొరకదు, బారువ బీచ్‌లో నిలబడితే సున్నా మీటర్లు, సరిహద్దు అవతల ఒడిశాలో మహేంద్రగిరి శిఖరం 1501 మీటర్లు, పొద్దున ఇక్కడుంటే మధ్యాహ్నానికి అక్కడుండొచ్చు. కొన్ని ఫోన్లలో బారోమీటర్ ఉంటుంది (అన్నిటిలో ఉండదు, కొనేముందు చూసుకోవాలి), నా ఫోన్‌లో ఉంది.

పదింటికి బీచ్‌లో నా ఫోన్ 1017 చూపించింది. పర్లాకిమిడి మీదుగా జీపులో వెళ్లి, చివర కొంత నడిచి, మూడున్నరకి శిఖరం మీద చూస్తే 851. ఈ రెండూ చాలు కదా అని అక్కడే ఒక బండ మీద కూర్చుని లెక్క వేశాను. సూత్రం ఇదే:

```
H = h / ln(p1/p2)
p = p1 * exp(-z/H)
```

`p1` కింది పీడనం, `p2` పై పీడనం, `h` రెండు చోట్ల మధ్య ఎత్తు, `z` మనకు కావాల్సిన ఎత్తు, అదీ కింది చోటు నుంచే కొలవాలి. `H` అంటే పీడనం సుమారు 37 శాతానికి పడిపోవడానికి ఎక్కాల్సిన ఎత్తు. నాకు `H` 8423 మీటర్లు వచ్చింది. చూడ్డానికి బాగానే ఉంది, ఎనిమిదిన్నర వేలకి దగ్గరగానే ఉంది, చాలామంది ఇక్కడితో ఆపేస్తారు.

కానీ ఈ `H`ని పరీక్షించడానికి ఒక మంచి ఉపాయం ఉంది. దాన్ని 29.3తో భాగిస్తే ఆ రెండు చోట్ల మధ్య ఉన్న గాలి సగటు ఉష్ణోగ్రత కెల్విన్‌లో వస్తుంది, 273 తీసేస్తే సెల్సియస్. వేడి గాలి పలచన కాబట్టి `H` పెరుగుతుంది, చల్లగాలికి తగ్గుతుంది. నా 8423కి వచ్చింది 14 డిగ్రీలు. శిఖరం మీద నా చేతిలో ఉన్న థర్మామీటరే 16 చూపిస్తోంది, కింద బీచ్‌లో 26 ఉంటే సగటు 14 ఎలా అవుతుంది? మధ్యలో ఉన్న గాలంతా పైనున్న గాలికన్నా చల్లగా ఉండాలి! అంటే రెండు రీడింగుల్లో ఏదో ఒకటి అబద్ధం చెబుతోంది.

అబద్ధం చెప్పింది పొద్దుటి రీడింగు. తప్పు ఫోన్‌ది కాదు, గడియారానిది. మన ఉష్ణమండలంలో గాలి పీడనం రోజుకి రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది, సముద్రపు ఆటుపోట్లలాగే. పొద్దున, రాత్రి పదింటి దగ్గర ఎక్కువ, తెల్లవారుజామున, సాయంత్రం నాలుగింటి దగ్గర తక్కువ. వాతావరణం ఏమీ మారకపోయినా మనవైపు ఈ తేడా మూడు హెక్టోపాస్కల్ దాకా ఉంటుంది. నేను సరిగ్గా ఎక్కువ ఉన్న వేళ కింద చూసి, తక్కువ ఉన్న వేళ పైన చూశాను. ఆ మూడూ ఎత్తు వల్ల తగ్గినట్టు నా లెక్కలోకి దూరిపోయాయి. ఇక బంగాళాఖాతంలో అల్పపీడనం ఉన్న రోజైతే ఈ పని పెట్టుకోనే కూడదు.

అదృష్టం బాగుండి మా బావని బీచ్‌లోనే కూర్చోబెట్టి వెళ్లాను, ఆయన ఫోన్‌లోనూ బారోమీటర్ ఉంది. పొద్దున బయల్దేరేటప్పుడే "ఏటి బావా, గాలిని కాటాలో తూస్తావేటి?" అని నవ్వాడు గానీ, గంట గంటకీ చూసి కాగితం మీద రాశాడు పాపం. పొద్దున రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఆయనది నాదానికన్నా 2 ఎక్కువ చూపించింది. ఇది మామూలే, ఏ రెండు ఫోన్లూ ఒకే అంకె చూపించవు, ముందే పక్కపక్కన పెట్టి తేడా రాసుకోవడమే మార్గం. మూడున్నరకి ఆయన రాసింది 1016, రెండు తీసేస్తే 1014.

ఇప్పుడు 1014, 851తో మళ్లీ వేస్తే `H` 8565 మీటర్లు, ఉష్ణోగ్రత 19 డిగ్రీలు. కింద 26, పైన 16 అంటే సగటు 21. రెండు డిగ్రీల తేడా ఉంది, కానీ ఈ ఎత్తుకి ఒక్క హెక్టోపాస్కల్ పొరపాటే డిగ్రీన్నరకు పైగా లాగేస్తుంది, ఫోన్ బారోమీటర్‌తో ఇంతకన్నా ఆశించకూడదు. ఈ జత నమ్మొచ్చు.

దిగేటప్పుడు సుమారు 600 మీటర్ల దగ్గర జీపు ఆపించి, ఫోన్ తెరిచే ముందే లెక్క వేశాను:

```
1014 * exp(-600/8565) = 945.4
```

ఫోన్ 946 చూపించింది. మీ తీసివేత పద్ధతిలో, అంటే 163ని ఎత్తు ప్రకారం పంచితే 948.8 వస్తుంది. మూడున్నర హెక్టోపాస్కల్ తేడా ఏపాటిది అనిపించొచ్చు. ఆ ఎత్తులో ఒక హెక్టోపాస్కల్ అంటే తొమ్మిది మీటర్లు, కాబట్టి ఎత్తులో ముప్ఫై మీటర్ల తప్పు, పదంతస్తుల మేడంత. రెండు రీడింగుల మధ్యలో ఉన్న చోటికి తీసివేత పద్ధతి ఎప్పుడూ అసలుకన్నా ఎక్కువ చెబుతుంది, రెండూ దాటి పైకి పోతే మీకు 680 వచ్చినట్టు తక్కువ చెబుతుంది. లాగరిథమ్ అంటే టెన్షన్ పడేవాళ్లకి అదే లెక్క ఇంకో రూపంలో, కాలిక్యులేటర్‌లో ఘాతం మీట ఉంటే చాలు:

```
p = p1 * (p2/p1)^(z/h)
```

మీరు కూడా చేసి చూడాలనుకుంటే ఒక్క జాగ్రత్త. వాతావరణం యాప్‌లో కనిపించే పీడనం వాడకండి. మా క్లాసులో ఒక పిల్లాడు అరకు వెళ్లి ఆ యాప్ చూసి "సార్, అక్కడా 1013యే ఉంది, ఎత్తుకి ఏమీ తగ్గట్లేదు" అని వచ్చాడు. ఆ యాప్‌లు మామూలుగా పీడనాన్ని సముద్ర మట్టానికి మార్చి చూపిస్తాయి, ఊళ్లను ఒకదానితో ఒకటి పోల్చడానికి. అంటే మనం కొలవాలనుకున్న తేడానే తుడిచేసి ఇస్తాయి. సెన్సార్ నేరుగా చూపించే అంకె కావాలి, కొండెక్కాక అది తొమ్మిదొందల చిల్లరలోనో ఎనిమిదొందల చిల్లరలోనో లేకపోతే అనుమానించండి.

ఇక ఎంత ఎత్తు దాకా నమ్మొచ్చు? ఈ సూత్రం గాలంతా ఒకే ఉష్ణోగ్రతలో ఉందనుకుంటుంది. నిజానికి కిలోమీటరుకి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. రెండు రీడింగుల మధ్యలో ఎక్కడ అడిగినా ఫర్వాలేదు, సగటు `H`లోకి ముందే వచ్చేసింది. దాటి పైకి పోయేకొద్దీ అక్కడి చల్లటి గాలికి అసలు `H` మనదానికన్నా చిన్నది, పీడనం మన లెక్కకన్నా త్వరగా పడిపోతుంది. నా బారువ, మహేంద్రగిరి అంకెలతో ఎవరెస్టుకి (8849 మీటర్లు) వేస్తే 361 వచ్చింది. 1981 అక్టోబరులో క్రిస్టఫర్ పిజ్జో ఆ శిఖరం మీద నిలబడి బారోమీటర్‌తో కొలిస్తే వచ్చింది 253 మిల్లీమీటర్ల పాదరసం, అంటే సుమారు 337 హెక్టోపాస్కల్. ఆ తేడాని ఎత్తులోకి మారిస్తే దాదాపు అయిదొందల మీటర్లు. మీ లెక్కలో 1500 నుంచి 3000కి వెళ్లడమూ ఇలా దాటి పోవడమే, కాబట్టి ఆ 705.6 పరీక్షకి సరైన జవాబే గానీ, నిజంగా 3000 మీటర్ల కొండ మీద చూస్తే దానికన్నా కొన్ని హెక్టోపాస్కల్ తక్కువే ఉండొచ్చు.