టిప్పర్ ఇసుక ధర ఎట్ల లెక్కగట్టాలి?

"మిర్యాలగూడలో ఇల్లు కడుతున్నం. యూనిట్ ధర, కిరాయి వేరువేరుగా చెప్తున్నరు. బండికి మొత్తం ఎంతయితదో ఎట్ల తెలుస్తది?"

యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు. బాడీ లోపలి పొడవు, వెడల్పు, ఇసుక ఎత్తు అడుగుల్లో గుణించి 100తో భాగించండి. బాడీ 14 అడుగుల పొడవు, 7 వెడల్పు, 3 ఎత్తు ఉంటే 2.94 యూనిట్లు. కానీ అది బాడీ కొలత, ఇసుక కొలత కాదు. నడుమ కుప్పగా కనిపించినా మూలలు ఖాళీగా ఉంటయి. అన్‌లోడ్ చేయకముందే నాలుగు మూలల్లో, నడుమ ఇనుప చువ్వ గుచ్చి లోతు చూసి సగటు తీయండి. సగటు రెండున్నర అడుగులొస్తే 2.45 యూనిట్లే.

యూనిట్ రూ.4,000, కిరాయి కిలోమీటరుకు రూ.60, దూరం 40 కిలోమీటర్లు అనుకుందాం. ఇసుకకు 9,800, కిరాయి 2,400, మొత్తం 12,200. బాడీ కొలతకే ఒప్పుకుంటే 1,960 ఎక్కువ పోతది. కిరాయి మాత్రం ఇసుక తగ్గినా తగ్గదు. అందుకే కిలోమీటర్లు ఒకవైపువా, రానుపోనువా అన్నది ముందే తేల్చుకోండి.

చెమ్మ ఇసుక ఉబ్బి ఎక్కువ జాగా తీసుకుంటది. సన్న ఇసుకైతే పావువంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పెరగొచ్చు. బకెట్‌లో మూడింట రెండొంతుల దాకా ఆ ఇసుక పోసి, చదును చేసి ఎత్తు కొలవండి. ఇసుక మునిగేదాకా నీళ్లు పోసి కలిపి, దిగినంక మళ్లా కొలవండి. ఎంత దిగితే అంత ఉబ్బు. ధర మాట్లాడేటప్పుడు అది చూపించి తగ్గించమని అడగండి.