బెండకాయ లేతదా, ముదురుదా? మార్కెట్ ఫొటోలో పొడవు, అంచు రంగు, కొస ఎలా చూడాలి

ప్రశ్న: సార్, మాది పద్మనాభం మండలం. అరెకరంలో హైబ్రిడ్ బెండ వేశాను. రోజు విడిచి రోజు తెల్లవారుజామున కోసి విశాఖ తీసుకెళ్తున్నాను. కొనే ఆయన ఫోన్లో ఫొటో చూసి ‘పొడుగున్నాయి, ముదురు’ అంటూ ధర తగ్గించేస్తున్నాడు. పొలంలో విరిస్తే కొస పుటుక్కున విరుగుతోంది, పదకొండు గంటలకి బజార్లో విరిస్తే వంగిపోతోంది. నాకు టెన్షన్‌గా ఉంది. బజార్లో తీసిన ఫొటో పంపుతున్నాను. ఇందులో ఏవి లేత, ఏవి ముదురు?

సలహా: ఫొటోని పెద్దది చేసి, గోనె పట్టా మీద పైకి కనిపిస్తున్న నలభై కాయల్నీ ఒక్కొక్కటిగా చూశాను. ఆయన ముదురు అంటున్న పొడుగు కాయల్లో ఎక్కువ భాగం లేతవిగానే కనిపిస్తున్నాయి. నిజంగా ముదిరినవి ఆరేడు ఉన్నాయి. వాటిలో నాలుగు పొట్టి కాయలే. అంటే మీ కుప్పలో ముదురు ఉన్న మాట నిజమే గానీ, ఆయన వెతుకుతున్న చోట లేదు.

పక్కన మీరు పెట్టిన బాల్‌పెన్ సుమారు 14 సెంటీమీటర్లు ఉంటుందనుకుంటే, దాన్ని ఆనుకుని ఉన్న కాయ దాదాపు 13 ఉంటుంది. ఒళ్లంతా ఒకే పచ్చగా, నున్నగా ఉంది. ఎక్కడా గింజ ఉబ్బు లేదు. ముచ్చిక దగ్గర నుంచి కొస దాకా సన్నబడుతూ సాఫీగా దిగింది. అది లేత కాయ. దాని కింద అడ్డంగా పడి ఉన్న చిన్న కాయ 9 సెంటీమీటర్లు మించదు. కానీ దాని పలకలు చూడండి. రెండు అంచుల మధ్య చదునుగా ఉండాల్సిన చోట గింజలు వరసగా బుడిపెల్లా తేలాయి, అంచులు పాలిపోయి గీత గీసినట్టు కనిపిస్తున్నాయి. అది ముదురు. కేవలం పొడవు చూసి కొనేవాళ్లు రెండోదాన్ని తీసుకుని మొదటిదాన్ని పక్కన పెడతారు.

పొడవు మోసం చేయడానికి కారణం ఉంది. పీచు పట్టడం కాయ వయసును బట్టి జరుగుతుంది, పొడవు మాత్రం రకాన్ని, నీటిని, వేడిని బట్టి మారుతుంది. పువ్వు విచ్చిన నాటి నుంచి సుమారు ఐదారు రోజులకి కాయ కోతకు వస్తుంది. నీరు, ఎరువు సరిగ్గా అందిన మొక్క మీద, వెచ్చని రోజుల్లో, పొడుగు హైబ్రిడ్ కాయ ఆ ఐదు రోజుల్లోనే 12, 13 సెంటీమీటర్లకి సాగిపోతుంది. వయసు మాత్రం ఐదు రోజులే. అదే నీటి ఎద్దడి పడ్డ మొక్క మీదో, కాపు చివరికొచ్చిన మొక్క మీదో కాయ 9 దగ్గరే ఆగిపోయి, లోపల గింజ కట్టేసి పీచు పట్టేస్తుంది. అందుకే ‘ఇన్ని సెంటీమీటర్లు దాటితే ముదురు’ అనే లెక్క ఒక రకానికి, ఒక పొలానికి, ఒక కాలానికే పనికొస్తుంది.

ఫొటోలో నేను పొడవు కంటే ఎక్కువ నమ్మేది అంచుని. బెండ ఎండిపోయాక ఎక్కడ పగులుతుందో మీరు చూసే ఉంటారు, విత్తనం కోసం వదిలేసిన కాయ సరిగ్గా ఈ అంచుల వెంటే నిలువునా చీలుతుంది. లేతగా ఉన్నప్పుడు అంచు రంగు, పలక రంగు దాదాపు ఒకటే. వయసు మీద పడేకొద్దీ అంచు ముందు లేత ఆకుపచ్చకి, తర్వాత పసుపు, తెలుపు కలిసిన రంగుకి తిరుగుతుంది. చివరికి ఎండు గడ్డి రంగు వస్తుంది. పలక ఇంకా పచ్చగా ఉండి అంచు ఒక్కటే పాలిపోయి కనిపిస్తే ఆ కాయ మీద నాకు అనుమానం వస్తుంది. దానికి గింజ ఉబ్బు కూడా తోడైతే ఇక అనుమానం అక్కర్లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. అంచుని అదే కాయ పలకతో పోల్చండి, పక్క కాయతో పోల్చవద్దు. అర్క అనామిక లాంటి ముదురాకుపచ్చ రకం పక్కన లేత రంగు హైబ్రిడ్ పెడితే, ఎంత లేతదైనా రెండోది పాలిపోయినట్టే ఉంటుంది. పైగా మీరు ఫొటో తీసింది నీలం టార్పాలిన్ కింద. గోనె పట్టా కూడా నీలి ఛాయలో పడింది. అలాంటి వెలుగులో ఏ కాయ అసలు రంగు ఏమిటో ఎవరూ చెప్పలేరు, కానీ ఒకే కాయలో అంచుకీ పలకకీ తేడా మాత్రం ఆ వెలుగులోనూ తెలుస్తుంది.

అంచు నల్లబడటాన్ని మాత్రం ముదురు కింద లెక్కెయ్యకండి. మీ ఫొటోలో కుడివైపు మూడు కాయలకి అంచు మీద నల్లటి గీతలు ఉన్నాయి, పలకలు నునుపుగానే ఉన్నాయి. అది ఒరుసుకోవడం వల్ల వచ్చిన నలుపు. కోసేటప్పుడు గోళ్లు తగిలినా, సంచిలో కుక్కినా, ఆటోలో కుదుపులకి కాయా కాయా రాసుకున్నా లేత కాయ అంచే ముందు దెబ్బ తింటుంది. కొనే ఆయన వాటినీ ముదురులో కలిపేసి ఉంటారు. ఎడమ మూలన ఉన్న రెండు కాయల సంగతి వేరు. వాటికి అంచూ పలకా అన్నీ కలిసి పసుపు తిరిగాయి. ఇది వయసుతో వచ్చిన రంగులా లేదు. చేలో ఆకుల ఈనెలు పసుపు వల వేసినట్టు మారిన మొక్కలు ఉన్నాయేమో చూడండి. పల్లాకు తెగులు సోకిన మొక్క కాయలు ఇలాగే పాలిపోయి, చిన్నగా ఉన్నప్పుడే గట్టిపడతాయి. వాటిని మార్కెట్ కుప్పలో కలపవద్దు.

ఇక కొస విరుపు. మీ పొలంలో విరిగి బజార్లో వంగడానికి కారణం, ఆ ఐదు గంటల్లో కాయ ముదిరిపోవడం కాదు, నీరు పోవడం. లేత కాయ పుటుక్కున విరగాలంటే లోపలి కణాలు నీటితో బిగుతుగా ఉండాలి. కోసిన కాయ ఊపిరి తీస్తూ వేడెక్కుతుంది, చర్మం పలచన కాబట్టి తేమ త్వరగా వదిలేస్తుంది. వాడిన లేత కాయ రబ్బరులా వంగుతుంది. పీచు పట్టిన కాయా వంగుతుంది. వేలికి రెండూ ఒకేలా అనిపిస్తాయి, కొనేవాళ్లు పొరబడేదీ ఇక్కడే.

తేడా పట్టాలంటే వంగిన కాయని కొస నుంచి మూడో వంతు దగ్గర చాకుతో అడ్డంగా కొయ్యండి. వాడిన లేత కాయ మెత్తగా తెగుతుంది, జిగురు సాగుతుంది, గింజలు తెల్లగా చిన్నగా, గోరుతో నొక్కితే చితికిపోతాయి. ముదురు కాయలో చాకు కరకరమంటూ ఆగుతుంది, అంచు దగ్గర దారాల్లా పీచు వేలాడుతుంది, గింజ గోరుకి లొంగదు. ఫొటోలో మధ్యలో మీరు విరవబోయిన కాయ కొస తెగకుండా వేలాడుతోంది. దాని పలకలు చదునుగా ఉన్నాయి, అంచు పాలిపోలేదు, కానీ ఒంటి మీద సన్నటి ముడతలు పడ్డాయి, ముచ్చిక కోసిన చోట ఎండింది. నా అంచనా అది వాడిన లేత కాయ. కొయ్యకుండా ఖాయంగా చెప్పలేను. ఫొటో మీద విరుపుని ఊహించడం సరికాదు, విరిచి చూపిస్తేనే అది సాక్ష్యం.

కొనే ఆయనతో మాట్లాడటానికి మీ దగ్గర మీ రకానికి సొంత కొలత ఉండాలి. అది కష్టం కాదు. బెండ పువ్వు ఉదయం విచ్చి ఆ రోజే వాడిపోతుంది, కాబట్టి వయసు లెక్క పక్కాగా దొరుకుతుంది. ఒక ఉదయం చేలో నాలుగైదు చోట్ల కలిపి పాతిక పువ్వుల తొడిమలకి ఎర్ర దారం వదులుగా కట్టండి. నాలుగో రోజు నుంచి ఎనిమిదో రోజు దాకా రోజుకి ఐదు కాయలు కోసి, అక్కడికక్కడే స్కేలు పెట్టి కొలిచి, కొస విరిచి, అడ్డంగా కోసి చూడండి. ఏ రోజున ఐదింటిలో ఒకటి రెండు విరక్కుండా వంగడం మొదలవుతుందో, ఆ రోజుకి ముందటి రోజు మీ కోత హద్దు. ఆ రోజు కాయల పొడవు ఎంతో రాసుకోండి, మీ రకానికి అదే కొలబద్ద. వేసవి ముదిరినా, చలి పెరిగినా మళ్లీ ఒకసారి కట్టి చూడాలి.

రోజు విడిచి రోజు కోస్తున్నా ముదురు ఎలా వస్తోందంటే, ఆకు చాటున తప్పిపోయిన కాయ వల్ల. నాలుగు రోజుల వయసులో చెయ్యి దాటిపోయింది తర్వాతి కోతకి ఆరు రోజులది, ఆ పై కోతకి ఎనిమిది రోజులది అవుతుంది. అలాంటివి కనిపిస్తే తప్పకుండా కోసెయ్యండి, మొక్క మీద ఉంచితే బలం గింజకి పోయి కొత్త కాపు తగ్గుతుంది. కానీ వాటిని వేరే బుట్టలో వెయ్యండి. నలభైలో ఏడు ముదురు కనిపిస్తే కొనేవాడు కుప్ప మొత్తానికీ ఆ ధరే కడతాడు.

కోసిన కాయల్ని చెట్టు నీడలో పల్చగా పరిచి, వేడి తగ్గాక గాలి ఆడే ప్లాస్టిక్ క్రేటులో సర్దండి. బిగించి కట్టిన సంచిలో ఆవిరి పట్టి మచ్చలు వస్తాయి. వాడిపోకుండా నీళ్లు చిలకరించడం కూడా అలాంటిదే, కాయ మీద తడి నిలిచిన చోట నల్ల మచ్చ పడుతుంది. కావాలంటే క్రేటు మీద కప్పే గోనెను తడిపి గట్టిగా పిండి కప్పండి, నీరు కాయల మీద కారకూడదు.

రేపటి నుంచి ఫొటో బజార్లో కాకుండా పొలంలోనే, కోసిన గంటలోపు తియ్యండి. ఆరుబయట నీడలో, ఫ్లాష్ లేకుండా, తెల్ల కాగితం మీద. ఏరకుండా చేతికందిన పది కాయల్ని స్కేలు పక్కన పరిచి, ఫోన్ని సరిగ్గా పైనుంచి పట్టుకోండి. పక్కకి వాల్చి తీస్తే దగ్గరున్న కాయ పొడుగ్గా కనిపిస్తుంది. రెండు కాయల కొసలు విరిచి ముక్కలు పక్కనే పెట్టండి, ఒకదాన్ని అడ్డంగా కోసి గింజలు కనిపించేలా తిప్పండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు హెచ్‌డీ ఎంచుకోండి, లేకపోతే అంచు గీత మసకబారి పోతుంది. దారం కట్టిన కాయల పొడవులు తేలాక ఆ ఫొటోతో పాటు నాకూ రాయండి. పసుపు తిరిగిన మొక్కలు చేలో ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెట్టి చెబితే, వాటి సంగతి విడిగా చూద్దాం.