బ్యాక్‌లాగ్ 88 అంటే బకాయేనా?

సందేహం: మా పలాసలో కొందరు జీడిపప్పు వ్యాపారులు కలిసి స్టాకు, బిల్లుల కోసం సాఫ్ట్‌వేర్ చేయించుకుంటున్నారు. కంపెనీ పంపే ఇంగ్లీషు రిపోర్టు నేనే చదివి చెప్పాలి. "నాలుగో స్ప్రింట్‌లో అనుకున్నవి 30 స్టోరీ పాయింట్లు, పూర్తయినవి 22, బ్యాక్‌లాగ్ 88" అని ఉంది. పరుగు, కథ మార్కులు, బకాయి అని చెబితే షావుకార్లకు టెన్షన్ పట్టుకుంది. ఏమని చెప్పాలండీ? – ఒక గుమాస్తా, పలాస

సమాధానం: టెన్షన్ పెట్టింది ఆ 'బకాయే' అయి ఉంటుంది. మామూలు ఇంగ్లీషులో బ్యాక్‌లాగ్ అంటే పేరుకుపోయిన పని. ఇంజినీరింగ్ పిల్లలు తప్పిన సబ్జెక్టులను బ్యాక్‌లాగులు అంటారు కూడా. ఈ రిపోర్టులో మాత్రం అది ఆలస్యమైన పని కాదు. ఇంకా చేయాల్సినవన్నీ ఏది ముందో ఏది తర్వాతో చూసి వరసగా రాసుకున్న చిట్టా. పని మొదలుకాక ముందూ అది ఉంటుంది. షావుకార్లు కొత్త కోరిక ఒకటి చెబితే ఆ 88 పెరుగుతుంది. అందులో ఎవరి బద్ధకమూ లేదు. 'చేయాల్సిన పనుల చిట్టా' అనండి.

స్ప్రింట్‌కు 'విడత' చాలు. అది నెలకు మించని గడువు, చాలాచోట్ల రెండు వారాలు. పని మిగిలినా గడువు పొడిగించరు, మిగిలింది చిట్టాలోకి పోతుంది.

అసలు చిక్కు స్టోరీ పాయింట్లది. స్టోరీ అంటే వాడేవాడి అవసరాన్ని ఒకటి రెండు వాక్యాల్లో రాయడం: 'గుమాస్తాకు గ్రేడు వారీగా స్టాకు కనపడాలి' అన్నట్టు. దాని బరువు అంచనాయే పాయింట్లు. తాపీమేస్త్రి రెండు గోడలు చూసి 'ఇది దానికి రెండింతల పని' అంటాడే, అలాంటిదే. 1, 2, 3, 5, 8, 13 అని అంకెలు వేస్తారు. ఇవి గంటలూ కావు, రూపాయలూ కావు. నన్నడిగితే 'పాయింట్లు' అనే ఉంచి, 'పని బరువు' అని ఒక్కసారి వివరిస్తే సరిపోతుంది.

మరి 30లో 22 అంటే ఎనిమిది పాయింట్ల పని అసలు ముట్టుకోలేదనా? అక్కర్లేదు. సాధారణంగా పని పూర్తిగా ముగిస్తేనే పాయింట్లు వేస్తారు. ముప్పాతిక అయినా సున్నాయే. అందుకే ఒక్క విడత అంకె చూసి కోప్పడకూడదు. వెనకటి మూడు విడతలు చూడమనండి. అవి 20, 24, 22 అనుకుందాం, సగటు 22. చిట్టాలో 88 ఉంది గనుక, విడత రెండు వారాలైతే, ఇంకా నాలుగు విడతలు, అంటే సుమారు ఎనిమిది వారాలు. చిట్టా పెరగకపోతేనే సుమండీ.

వాళ్లకు ఇలా చదివి వినిపించండి: "ఈ విడతలో అనుకున్న పనిలో కొంత మిగిలింది. చిట్టాలో ఉన్నది ఇదే తీరున సాగితే రెండు నెలలకు అటూ ఇటూగా అవుతుంది. మిగిలిపోయిన పని ఏదో కంపెనీని అడుగుదాం." వేరే కంపెనీ విడతకు 40 చేస్తోందని ఎవరైనా అంటే పట్టించుకోవద్దనండి. ఎవరి అంచనా వాళ్లదే, ఆ 40, ఈ 22 ఒకే కొలత కావు.