పంక్చర్లకు భయపడి టైరు మార్చే ముందు

చిరంజీవి సురేష్‌కు ఆశీస్సులు.

వదిన వీల్‌చైర్‌కి మాటిమాటికీ పంక్చర్లు పడుతున్నాయని, ఇక గాలి లేని గట్టి టైర్లు వేయించేస్తానని రాశావు. కాస్త ఆగు. ముందు తీసేసిన పాత ట్యూబు వెతికి చూడు. ఒక్కటే చిల్లు ఉంటే ముల్లో గాజుపెంకో గుచ్చుకున్నట్టు. పక్కపక్కనే రెండు చిన్న చీలికలు, పాముకాటు గాట్లలా ఉంటే మాత్రం టైర్లో గాలి తక్కువైందన్నమాట. మెత్తబడ్డ టైరు ఫుట్‌పాత్ అంచుకు కొట్టుకుంటే, ఆ అంచుకీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి తెగుతుంది.

బొటనవేలితో నొక్కి చూసి 'బాగానే ఉంది' అనుకోవద్దు. 40 పి.ఎస్.ఐ. ఉన్న టైరు కూడా వేలికి గట్టిగానే తగులుతుంది. గేజీ ఉన్న చేతిపంపు కొనుక్కో. టైరు పక్కగోడ మీద ఎంత గాలి పట్టాలో అచ్చు వేసి ఉంటుంది, ఆ అంకె దాటకూడదు. అక్కడ గరిష్ఠం 75 అని ఉందనుకో: నున్నటి గచ్చు మీద తిరగడానికి 75 దగ్గరే ఉంచు, గతుకుల దారికి 65 చాలు. 40కి దిగితే మాత్రం ఆ నలుగుడు మొదలవుతుంది. రెండు చక్రాల్లో ఒకే కొలత ఉండాలి, లేదంటే కుర్చీ మెత్తటి వైపుకి లాగుతుంది. లారీలకు గాలి కొట్టే కంప్రెసర్ దగ్గరికి మాత్రం తీసుకెళ్లకు. ఇంత చిన్న ట్యూబు క్షణాల్లో పేలిపోతుంది. వారానికోసారి చూసుకుంటే చాలు.

గాలి తగ్గితే బ్రేకు కూడా పోతుంది, ఇది చాలామందికి తట్టదు. బ్రేకు కడ్డీ టైరును నొక్కే కదా చక్రాన్ని ఆపేది! గాలి సరిచేశాక బ్రేకు వేసి చూడు, కడ్డీ టైర్లోకి సుమారు 3 మి.మీ. దిగాలి. దిగకపోతే దాని బోల్టులు వదులు చేసి, కాస్త టైరు వైపుకి జరిపి బిగించు. రేపు టైరు రకం మార్చినా మళ్లీ ఇదే పని.

గట్టి టైరుకి పంక్చరు బెడద లేదు, నిజమే. కానీ గతుకుల అదురంతా నడుముకీ భుజాలకీ ఎక్కుతుంది. పైగా అది బరువుగా దొర్లుతుంది. గాలి సగానికి తగ్గిన టైరు కన్నా కూడా ఎక్కువ బలం అడుగుతుంది. వదిన ఇంట్లో తనే చక్రాలు తిప్పుకుంటుంది కాబట్టి ఆ భారం ఆవిడ చేతుల మీదే పడుతుంది. గుమ్మం దాటని కుర్చీకైతే, నెట్టేవాళ్లు వేరే ఉంటే, గట్టివే హాయి. మీరు రోజూ సాయంత్రం బయటికి వెళ్తారు కాబట్టి నా ఓటు వెనక గాలి టైర్లకే. ముందు చిన్న చక్రాలకు మాత్రం మెత్తటి రబ్బరుతో చేసిన గాలి లేని టైర్లు వేయించు, వాటిలో గాలి పెట్టుకుని అవస్థ పడటం దండగ.

ఆ ట్యూబు ఫొటో తీసి పంపు, చీలికలు దగ్గరగా కనబడేలా.

మీ బాబాయి